పజిల్స్‌లో 1900, బోర్డు మీద 1300: ఫోర్క్, పిన్, స్క్యూయర్ ఒక ఎత్తు ముందే కనపడాలంటే

ఈ ఎపిసోడ్‌కి కారణం ధర్మవరం నుంచి ఒక తమ్ముడు పంపిన మెసేజ్. ఇంటర్ చదువుతున్నాడు. "అన్నా, లిచెస్‌లో నా పజిల్ రేటింగ్ 1900. టోర్నమెంట్‌కి పోతే 1300 వాళ్ళ చేతిలో ఓడిపోతున్నా. ఆదివారం ఆదివారం బెంగళూరు ట్రైన్ చార్జీలు, ఎంట్రీ ఫీజు అని ఇంట్లో అడగాలంటే సిగ్గుగా ఉంది. ఇంకో రెండు నెలలు చూసి మానేద్దామనుకుంటున్నా" అని రాసినాడు. ఓడిపోయిన మూడు గేములు కూడా పంపాడు.

ముందుగా ఒక మాట. పజిల్ రేటింగ్, గేమ్ రేటింగ్ ఒకే కొలబద్దతో కొలిచేవి కావు. పజిల్ రేటింగ్ మామూలుగానే ఎక్కువ చూపిస్తుంది. కాబట్టి 1900కీ 1300కీ మధ్య ఉన్న 600 మొత్తం వాడి లోపం కాదు. కానీ ఆ మూడు గేములు చూశాక ఒక విషయం మాత్రం తేలిపోయింది. మూడింట్లోనూ వాడు అవతలివాడి ఫోర్క్‌లోకో, పిన్‌లోకో, స్క్యూయర్‌లోకో తనంతట తానే నడిచి వెళ్ళాడు. పజిల్‌గా ఇచ్చి ఉంటే ఐదు సెకన్లలో పట్టేవాడు. ఎందుకు పట్టలేదు అనేదే ఈరోజు టాపిక్.

మాది హిందూపురం, వాడిది ధర్మవరం, మధ్యలో పెనుకొండ. ఇద్దరికీ సగం దారి కాబట్టి ఒక ఆదివారం అక్కడ కలిసి, బోర్డు పరిచి మూడు గేములూ మళ్ళీ ఆడుకున్నాం. అవే మీకు చూపిస్తాను. పావుల పేర్లు క్లబ్‌లో మాట్లాడుకునేట్టే కింగ్, క్వీన్, రూక్, బిషప్ అంటాను. నైట్ అంటే రాత్రి అనుకుంటారు, పాన్ అంటే కిళ్ళీ అనుకుంటారు కాబట్టి ఆ రెండూ గుర్రం, బంటు.

మొదటి గేమ్. తమ్ముడు బ్లాక్. వాడి కింగ్ g8లో, క్వీన్ d8లో ఉన్నాయి. అవతలివాడి గుర్రం బోర్డు మధ్యలో d5లో కూర్చుంది. తమ్ముడు రూక్‌కి దారి ఇద్దామని క్వీన్‌ని ఒక్క గడి జరిపి c8లో పెట్టాడు. వెంటనే Ne7 చెక్. కింగ్ జరగాల్సిందే, క్వీన్ పోయింది. ఇదే ఫోర్క్: ఒక పావు ఒకేసారి రెండింటి మీద పడుతుంది, మనకు ఉండేది ఒక్క ఎత్తు.

"చూసుకోలేదన్నా" అన్నాడు. నిజమే, కానీ చూసుకోవడం అంటే ఏం చూడాలి? d5లోని గుర్రానికి ఎనిమిది గడులు. ప్రతి ఎత్తుకీ ఆ ఎనిమిదీ లెక్కపెట్టుకుంటూ కూర్చుంటే క్లాక్ పడిపోతుంది. ఇక్కడ మన బుర్రకి ఒక షార్ట్‌కట్ ఉంది, అది గడుల రంగు.

గుర్రం ఎప్పుడు దూకినా రంగు మారుతుంది. తెల్ల గడిలో ఉంటే నల్ల గడికి, నల్ల గడిలో ఉంటే తెల్ల గడికి పోతుంది. ఇప్పుడు ఇంకొంచెం ముందుకు ఆలోచించండి. తెల్ల గడిలో ఉన్న గుర్రం ఒక ఎత్తులో నల్ల గడికి పోతుంది. అక్కడి నుంచి అది బెదిరించేవన్నీ మళ్ళీ తెల్ల గడులే. అంటే ఒకే ఎత్తులో ఫోర్క్ పడాలంటే గుర్రం, దాని రెండు టార్గెట్లు, మూడూ ఇప్పుడు ఒకే రంగు గడుల్లో ఉండాలి. లేకపోతే ఆ ఫోర్క్ కుదరనే కుదరదు.

తమ్ముడి పొజిషన్ మీద పెట్టి చూడండి. d5 తెల్ల గడి. g8 తెల్ల గడి. d8 నల్ల గడి. క్వీన్ d8లో ఉన్నంతసేపు ఆ గుర్రం కింగ్‌నీ క్వీన్‌నీ ఒకే దూకుడుతో కలిపి పట్టలేదు. పైగా d8లోని క్వీన్ e7 గడికి కాపలా కూడా కాస్తోంది. c8 తెల్ల గడి. ఒక్క గడి జరపడంతో రెండు పనులు జరిగాయి: మూడు పావులూ ఒకే రంగులోకి వచ్చాయి, e7కి కాపలా పోయింది. ఆ ఎత్తు ఆడేముందు "గుర్రం తెలుపు, కింగ్ తెలుపు, క్వీన్‌ని తెలుపులో పెడుతున్నా" అన్న బెల్ మోగి ఉంటే చాలు. ఎనిమిది గడులు లెక్కపెట్టే పనే లేదు. బెల్ మోగినప్పుడు మాత్రమే లెక్కపెట్టాలి.

ఈ రంగు సంగతి వరల్డ్ చాంపియన్‌షిప్‌లో ఎలా పనిచేసిందో ఒకటి చూపిస్తాను. 1966, మాస్కో. చాంపియన్ టిగ్రాన్ పెట్రోసియన్, చాలెంజర్ బోరిస్ స్పాస్కీ. పదో గేమ్, 30వ ఎత్తు, వైట్ ఆడాలి. ఫోన్‌లో పెట్టుకుని చూడాలంటే లిచెస్‌లో బోర్డ్ ఎడిటర్ తెరిచి ఈ లైన్ పేస్ట్ చేయండి.

```
6k1/5r1p/p2N4/nppP2q1/2P5/1P2N3/PQ5P/7K w - - 0 30
```

వీడియో పాజ్ చేసి ఒక నిమిషం చూడండి. బ్లాక్ కింగ్ g8లో, క్వీన్ g5లో, రూక్ f7లో. వైట్ క్వీన్ b2లో, ఒక గుర్రం d6లో, ఇంకోటి e3లో.

మామూలుగా అందరికీ కనిపించేది గుర్రంతో f7 రూక్‌ని కొట్టడం. కానీ రంగులు చూడండి. d6 నలుపు. g5 క్వీన్ నలుపు. కింగ్ g8 మాత్రం తెలుపు. మూడింట్లో రెండు కుదిరాయి, ఒక్క కింగ్ తప్పు రంగులో ఉంది. కింగ్‌ని పక్క గడికి, h8కి లాగగలిగితే మూడూ నలుపు అవుతాయి. పెట్రోసియన్ అదే చేశాడు, క్వీన్‌ని ఇచ్చి మరీ. b2 నుంచి h8 వరకు డయాగనల్ మొత్తం ఖాళీ. Qh8 చెక్.

కింగ్‌కి ఇంకో దారి లేదు. f7లో సొంత రూక్ ఉంది, f8, g7 రెండూ h8లోని క్వీన్ చూపులో ఉన్నాయి. కాబట్టి Kxh8 ఒక్కటే. అప్పుడు Nxf7 చెక్: కింగ్ h8, క్వీన్ g5, రెండింటి మీదా గుర్రం. కింగ్ జరిగాక Nxg5. లెక్క తీస్తే వైట్‌కి రెండు గుర్రాలు, బ్లాక్‌కి a5లో మూలన ఉన్న ఒక్క గుర్రం. స్పాస్కీ ఇదంతా ఆడించుకోలేదు, Qh8 చూడగానే రిజైన్ చేశాడు.

క్వీన్ శాక్రిఫైస్ అనగానే "అబ్బ, జీనియస్" అని వదిలేస్తాం. జీనియస్సే, కాదనను. కానీ దాని లోపల ఉన్నది తమ్ముడి గేమ్‌లో ఉన్నదే. తమ్ముడు క్వీన్‌ని తనే తప్పు రంగులోకి జరిపాడు, పెట్రోసియన్ అవతలి కింగ్‌ని బలవంతంగా జరిపించాడు. "ఫోర్క్ దాదాపు ఉంది, ఒక్కటి తప్ప" అని కనిపించినవాడికే ఆ ఒక్కటి ఎలా తేవాలి అన్న ప్రశ్న వస్తుంది.

రెండో గేమ్ త్వరగా చెప్పేస్తాను. దీంట్లో తమ్ముడు వైట్. 1.d4 d5 2.c4 e6 3.Nc3 Nf6 4.Bg5 Nbd7 5.cxd5 exd5. ఇక్కడ వాడికి d5 బంటు ఫ్రీగా కనిపించింది. దానికి కాపలా f6 గుర్రం. ఆ గుర్రాన్ని మన బిషప్ పిన్ చేసింది, అది కదిలితే వెనక d8లో క్వీన్ పోతుంది. కాబట్టి 6.Nxd5. జవాబుగా అవతలివాడు గుర్రంతో కొట్టేశాడు, 6...Nxd5. మనవాడు సంతోషంగా 7.Bxd8. అప్పుడు 7...Bb4 చెక్. కింగ్ కదలడానికి గడి లేదు, మధ్యలో క్వీన్‌ని d2లో పెట్టడం ఒక్కటే మార్గం. 8.Qd2 Bxd2+ 9.Kxd2 Kxd8. లెక్క చూసుకుంటే ఒక బంటుకి బదులు ఒక గుర్రం పోయింది. దీన్ని ఎలిఫెంట్ ట్రాప్ అంటారు, చాలా పాతది.

వాడికి పిన్ తెలుసు. తెలిసినందుకే పోయింది. పిన్‌లో రెండు రకాలు. వెనక కింగ్ ఉంటే పిన్ అయిన పావు ఆ లైన్ వదిలి కదలడానికి రూల్సే ఒప్పుకోవు. వెనక క్వీన్ గానీ రూక్ గానీ ఉంటే కదలొచ్చు, ఖర్చు అవుతుంది అంతే. ఆ ఖర్చు కంటే ఎక్కువ తిరిగి వస్తుందంటే అవతలివాడు నవ్వుతూ కదులుతాడు. అందుకే క్వీన్ వైపు పిన్ కనిపించినప్పుడు "ఇది కదలదు" అని అనుకోకండి, "ఇది కదిలితే వాడి చేతిలో చెక్ ఏదైనా ఉందా?" అని అడగండి. ఇక్కడ ఉంది. c3 గుర్రం d5కి పోగానే b4 నుంచి e1 దాకా డయాగనల్ తెరుచుకుంది. ఆ తలుపు తెరిచింది మనవాడే.

మూడో గేమ్ నాకు ఎక్కువ బాధ కలిగించింది, ఎందుకంటే డ్రా చేతిలో ఉంది. రూక్ ఎండింగ్. వైట్ రూక్ a8లో, బంటు a7లో, కింగ్ g2లో. తమ్ముడి బ్లాక్ రూక్ a1లో బంటు వెనకాల కాపు కాస్తోంది, కింగ్ g7లో ఉంది. ఇక్కడ వైట్ ఏమీ చేయలేడు. రూక్ బంటు ముందు ఇరుక్కుని ఉంది. వైట్ కింగ్ దగ్గరికొస్తే వెనక నుంచి చెక్‌లు ఇచ్చి తోలేసి, రూక్ మళ్ళీ a లైన్‌కి రావచ్చు. బ్లాక్ చేయాల్సిందల్లా కింగ్‌ని g7, h7 మధ్య అటూ ఇటూ తిప్పడమే.

తమ్ముడికి ఊరికే తిప్పడం నచ్చలేదు. కింగ్‌ని యాక్టివ్ చేద్దామని f7కి వచ్చాడు. వైట్ ఆడింది Rh8. ఇప్పుడు బంటు a8కి పోయి క్వీన్ అవుతుందన్నది బెదిరింపు. బ్లాక్ Rxa7 అని కొడితే Rh7 చెక్. ఏడో వరసలో f7లో కింగ్, దాని వెనక అదే వరసలో a7లో రూక్, మధ్యలో అన్నీ ఖాళీ. కింగ్ తప్పుకోవాలి, రూక్ పోతుంది. ఇది స్క్యూయర్: పిన్‌ని తిరగేసినట్టు, ఖరీదైన పావు ముందు, చవకది వెనక. పోనీ కొట్టకుండా Ra2 అని చెక్‌లు ఇస్తూ పోదామంటే వైట్ కింగ్ మెల్లగా బ్లాక్ రూక్ వైపే నడిచి వస్తుంది, కాసేపటికి చెక్‌లు అయిపోతాయి.

```
R7/P4k2/8/8/8/8/6K1/r7 w - - 0 1
```

కింగ్ g7లో ఉండగా Rh8 ఆడితే Kxh8, అంతే. h7లో ఉన్నా అంతే. ఒక్క గడి పక్కకి వచ్చేసరికి ఆ కాపలా పోయింది, ఏడో వరసలో కింగ్, రాబోయే రూక్ ఒకే గీత మీద పడిపోయాయి. "రాబోయే" అన్నది గమనించండి. వాడు Kf7 ఆడేటప్పుడు వాడి రూక్ a7లో లేదు, a1లో ఉంది. స్క్యూయర్ బోర్డు మీద ఇంకా లేదు. రెండు ఎత్తుల తర్వాత పుడుతుంది.

ఇప్పుడు మూడు గేములూ పక్కపక్కన పెట్టండి. Qc8, Nxd5, Kf7. మూడుసార్లూ తమ్ముడు ఆడిన ఎత్తే ప్యాటర్న్‌ని పుట్టించింది. పజిల్‌లో మనకి ఇచ్చేది ప్యాటర్న్ పుట్టిన తర్వాతి బోర్డు. తప్పు అవతలివాడు అప్పటికే చేసేశాడు, మనం పట్టుకోవాలి. వాడు వేల పజిల్స్ చేశాడు, అన్నీ పట్టుకునే సీట్‌లో కూర్చుని చేశాడు. పట్టుబడే సీట్‌లో ఒక్కటి కూడా చేయలేదు. పైగా పజిల్ తెరిచామంటేనే "ఇక్కడ ఏదో ఉంది" అని ఎవరో చెవిలో చెప్పినట్టు. గేమ్‌లో 23వ ఎత్తు దగ్గర ఆ మాట ఎవరూ చెప్పరు.

ప్యాటర్న్ అసలు బుర్రలో ఎలా ఉంటుంది అన్నదానికి ఒక పాత ప్రయోగం ఉంది. 1973లో విలియం చేజ్, హెర్బర్ట్ సైమన్ అమెరికాలోని కార్నెగీ మెలన్ యూనివర్సిటీలో చేశారు. ఒక మాస్టర్‌కీ, ఒక మంచి క్లబ్ ప్లేయర్‌కీ, ఒక బిగినర్‌కీ ఒక పొజిషన్ ఐదు సెకన్లు చూపించి, తీసేసి, గుర్తున్నంత వరకు మళ్ళీ పేర్చమన్నారు. నిజమైన గేమ్‌లోని పొజిషన్ అయితే మాస్టర్ చాలా ముందున్నాడు. పావుల్ని ఎలాపడితే అలా చెల్లాచెదురుగా పెట్టి చూపిస్తే ఆ ఆధిక్యం దాదాపు మాయమైంది. అంటే మాస్టర్‌ది ఫోటో జ్ఞాపకశక్తి కాదు. నాలుగైదు పావుల్ని కలిపి ఒక ముద్దగా చూస్తాడు. ధర్మవరంలో మగ్గం మీద కూర్చునేవాళ్ళు పోగులు లెక్కపెట్టరు కదా, అంచులో డిజైన్ తప్పితే కంటికి తగులుతుంది. అలాంటిదే.

కోనేరు హంపి 2019లో, మళ్ళీ 2024లో వరల్డ్ రాపిడ్ చాంపియన్ అయింది. ఆ టోర్నమెంట్‌లో గేమ్ మొత్తానికి 15 నిమిషాలు, ఎత్తుకి 10 సెకన్లు కలుస్తాయి. ఆ టైమ్‌లో ప్రతి ఎత్తుకీ అన్నీ లెక్కపెట్టడం మనిషికి అయ్యే పని కాదు. ఎక్కడ లెక్కపెట్టాలో కన్ను చెప్పాలి.

సరే, తమ్ముడికి రాసిచ్చిన ప్రాక్టీస్ ఏంటో చెప్తాను. ఫోన్ చాలు, లాప్‌టాప్ అక్కర్లేదు.

మొదటిది, పజిల్స్ తగ్గించమన్నాను. అవును, తగ్గించమనే. రోజుకి వంద కొత్తవి చేస్తే దేన్నీ రెండోసారి చూడం, ముద్ద తయారవ్వదు. ఒక వంద పజిల్స్ మాత్రమే తీసుకోవాలి, అవే మళ్ళీ మళ్ళీ చేయాలి. లిచెస్‌లో `lichess.org/training/themes` తెరిస్తే ఫోర్క్, పిన్, స్క్యూయర్ వేరువేరుగా ఉంటాయి. ముందు ఫోర్క్. డిఫికల్టీ "ఈజియర్" పెట్టుకోండి. కష్టమైనవి లెక్కపెట్టడం నేర్పుతాయి, తేలికైనవి గుర్తుపట్టడం నేర్పుతాయి. మనకిప్పుడు కావలసింది రెండోది. చేసిన పజిల్ నంబర్లు ఒక నోట్‌లో కాపీ చేసుకోండి.

ఆ వందనీ మొదటి రౌండ్ రెండు వారాల్లో, రెండో రౌండ్ ఒక వారంలో, మూడోది మూడు నాలుగు రోజుల్లో చేయాలి. టైమ్ ప్రతిసారీ సగం అవుతుంది. ఇది నా ఐడియా కాదు. స్వీడన్ గ్రాండ్‌మాస్టర్ హాన్స్ టిక్కనెన్ ఇలా ఒకే సెట్‌ని తిప్పి తిప్పి చేసేవాడు, అతను, ఆక్సెల్ స్మిత్ కలిసి 2018లో రాసిన 'ది వుడ్‌పెకర్ మెథడ్' పుస్తకం దీని గురించే. వడ్రంగిపిట్ట ఒకే చోట పొడుస్తుంది కదా, అందుకే ఆ పేరు. పుస్తకంలో సెట్ చాలా పెద్దది. కాలేజీకి పోయేవాడికి వంద చాలని నా ఉద్దేశం.

ఇక్కడ ఒక డౌట్ రావాలి: అదే పజిల్ మూడోసారి చేస్తే జవాబు బట్టీ అయిపోదా? అవుతుంది. అందుకే తేడా పట్టుకోవడానికి ఒక చెక్ ఉంది. జవాబు ఆడేముందు కారణం నోటితో చెప్పాలి. "గుర్రం, కింగ్, క్వీన్ మూడూ నలుపు, f7కి కాపలా లేదు" అని. ఎత్తు చెప్పగలిగి కారణం చెప్పలేకపోతే అది బట్టీ. ఆ పజిల్‌ని బోర్డు తిప్పి, అవతలి వైపు నుంచి చూడండి. తిప్పగానే కనిపించకపోతే మీకు గుర్తున్నది బొమ్మ, ప్యాటర్న్ కాదు.

ఫోన్‌తో ఇంకో ఇబ్బంది ఉంది. వేలు బుర్ర కంటే ఫాస్ట్. చెక్ కనిపించగానే నొక్కేస్తాం, కరెక్ట్ అయితే యాప్ అవతలి ఎత్తు తనే ఆడేస్తుంది, మిగతాది అప్పుడు ఆలోచిస్తాం. గేమ్‌లో ఆ సౌకర్యం లేదు. తమ్ముడి అలవాటు ఇదే అని పెనుకొండలో పక్కన కూర్చుని చూస్తే తెలిసింది. అందుకని ఫోన్‌ని బల్ల మీద పెట్టి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, చివరి పావు కొట్టేదాకా మొత్తం లైన్ చెప్పాకే ముట్టుకోవాలి. చూడ్డానికి కామెడీగా ఉంటుంది, పర్లేదు.

రెండోది అసలు మందు, సీట్ మార్చడం. లిచెస్ పజిల్ తెరవగానే గమనించారా, ముందు అవతలివాడి ఎత్తు ఒకటి కదులుతుంది, తర్వాతే మన టర్న్. మామూలుగా ఆ కదిలిన ఎత్తే తప్పు. మనం దాన్ని పట్టించుకోం, మన ఎత్తు కోసం తొందరపడతాం. ఇకనుంచి పజిల్ సాల్వ్ అయ్యాక "నెక్స్ట్" నొక్కకండి. వెనక్కి బాణం నొక్కి, ఆ తప్పు ఎత్తుకి ముందున్న బోర్డు దగ్గరికి వెళ్ళండి. ఇప్పుడు మీరు పట్టుబడబోయేవాడు. రెండు ప్రశ్నలు. ఈ ఎత్తు ఏం మార్చింది: ఒక పావు కాపలా వదిలేసిందా, రంగు మారిందా, ఒక గీత తెరుచుకుందా? దీనికి బదులు ఏం ఆడి ఉండాలి? మీ జవాబు అనుకున్నాక అనాలిసిస్‌లో ఇంజిన్ ఆన్ చేసి సరిచూసుకోండి, అనుకోకముందు కాదు.

దీనికి టైమ్ పడుతుంది. పజిల్‌కి రెండు మూడు నిమిషాలు. రోజుకి పది అవుతాయి, ఎక్కువ కావు. ధర్మవరంలో ట్రైన్ ఎక్కి పెనుకొండ వచ్చేలోపు పది చేయగలిగితే ఆరోజుకి ఆపేయమన్నాను.

ఫోర్క్, పిన్, స్క్యూయర్ మూడు సెట్లూ అయ్యాక థీమ్ తీసేయాలి. ఇది చాలామంది మర్చిపోతారు. "ఫోర్క్" అని పైన రాసి ఉంటే సగం జవాబు అక్కడే ఉంది, మీరు గుర్రం వైపే చూస్తారు. `lichess.org/training/mix` లో ఏ థీమో చెప్పకుండా కలిపి ఇస్తుంది. థీమ్ సెట్‌లో పదికి తొమ్మిది వచ్చి, మిక్స్‌లో పదికి ఆరే వస్తే భయపడకండి, నిజమైన మార్కు ఆ ఆరే.

మూడోది సొంత గేములు. స్లో గేమ్ ఆడండి, బ్లిట్జ్‌లో ఈ అలవాటు రాదు. మీరు ఎత్తు మనసులో ఎంచుకున్నాక, పావు ముట్టుకునేముందు, ఆ ఎత్తు ఆడేసినట్టే ఊహించుకుని చూడాల్సినవి మూడు. నావి ఏ పావులకి కాపలా లేదు? నా కింగ్, క్వీన్, రూక్ ఒకే గీత మీద పడ్డాయా, మధ్యలో ఉన్నది కదిలితే పడతాయా? అవతలి గుర్రం రంగులో నా పెద్ద పావులు రెండు ఉన్నాయా? మొదట్లో దీనికి అర నిమిషం పట్టొచ్చు. పది పదిహేను గేముల తర్వాత ఒక చూపులో అయిపోవాలి. అవ్వకపోతే మూడూ ఒకేసారి పెట్టుకోకుండా మొదటిదాన్ని మాత్రమే ఉంచండి. క్లబ్ లెవెల్‌లో కాపలా లేని పావు దగ్గరే ఎక్కువ గొడవలు మొదలవుతాయి. కాపలా ఉంటే ఫోర్క్ పడ్డా చాలాసార్లు బతికిపోతాం.

గేమ్ అయ్యాక ఇంజిన్ ఎర్రగా "బ్లండర్" అని చూపిస్తుంది. అది పేరు చెప్పదు. పేరు మీరు పెట్టాలి. తమ్ముడి నోట్‌బుక్‌లో ఒక పేజీకి నాలుగు నిలువు గీతలు కొట్టించాను: ఫోర్క్, పిన్, స్క్యూయర్, ఊరికే వదిలేసినవి. ప్రతి బ్లండర్‌కి ఒక గీత, పక్కన ఒక ముక్క, "క్వీన్ c8, కాపలా e7 వదిలింది" అని. పది గేములు అయ్యాక ఏ కాలమ్ నిండిందో చూసి, తర్వాతి వంద పజిల్స్ ఆ థీమ్ నుంచి తీసుకోవాలి.

ఒక పరిమితి కూడా చెప్పాలి. తమ్ముడి మూడో గేమ్ ఈ మూడు చూపులతో దొరకదు. Kf7 ఆడేటప్పుడు రూక్ a1లో ఉంది, కింగ్‌తో ఒకే గీత మీద లేదు. స్క్యూయర్ రెండు ఎత్తుల అవతల ఉంది. అలాంటివి ప్యాటర్న్‌గా కాకుండా ఎండింగ్‌గా నేర్చుకోవాలి: "a7 బంటు, ముందు రూక్, నా కింగ్ g7-h7 వదలకూడదు" అని ఆ పొజిషన్‌నే గుర్తుపెట్టుకోవడం. రూక్ ఎండింగ్స్‌లో ఇలాంటివి ఇంకొన్ని ఉన్నాయి, అవి వేరే ఎపిసోడ్.

ఈ మాటే తమ్ముడికి చెప్తే, "అంటే అన్నా, ఊరికే కింగ్‌ని అటూ ఇటూ తిప్పుతూ కూర్చుంటే డ్రా ఇచ్చేవాళ్ళా?" అన్నాడు. ఇచ్చేవాళ్ళు. ఒకే పొజిషన్ మూడుసార్లు వస్తే ఆర్బిటర్‌ని పిలిచి క్లెయిమ్ చేయొచ్చు. అర పాయింట్. రూల్ తెలుసు వాడికి, తిప్పడం పిరికితనం అనుకున్నాడు. బోర్డు మీద వాడు వైట్, నేను బ్లాక్ తీసుకుని g7, h7, g7, h7 అని పది ఎత్తులు తిప్పి చూపించాను. గెలవడానికి వాడికి దారి దొరకలేదు. తర్వాత సైడ్స్ మార్చుకున్నాం, వాడు తిప్పాడు. ఈసారి కింగ్ f7 వైపు పోలేదు.

రెండు పొజిషన్ల లైన్లూ కింద డిస్క్రిప్షన్‌లో పెట్టాను, కాపీ చేసుకోండి. ఎలిఫెంట్ ట్రాప్ మాత్రం బోర్డు మీద మీ చేత్తో ఆడుకుని చూడండి, తొమ్మిది ఎత్తులే.